మిల్లు లెక్కలు – 7వ పాఠం: అప్పా, షేర్లా? ఉదాసీన బిందువు

పోయిన పాఠంలో ఎబిట్ నుంచి ఈపీఎస్ దాకా దిగి వచ్చాం. వడ్డీ, పన్ను తీయకముందు లాభం ఎబిట్. అందులోంచి వడ్డీ తీసి, మిగిలినదానికి పన్ను కట్టి, ఆ తర్వాత మిగిలింది షేర్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షేరుకు వచ్చే ఆదాయం, అంటే ఈపీఎస్. ఈసారి ఆ మెట్లే ఎక్కుతూ దిగుతూ ఒక ప్రశ్నకు జవాబు వెతుకుదాం: విస్తరణకు డబ్బు బ్యాంకు దగ్గర తేవాలా, కొత్త షేర్లు అమ్మి తేవాలా?

లెక్క కోసం మిర్యాలగూడలో అన్నదమ్ములిద్దరు నడిపే ఒక రైస్ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. ఉప్పుడు బియ్యం ప్లాంటు, కొత్త డ్రయ్యర్, సార్టెక్స్ మిషన్ కలిపి 2 కోట్ల ఖర్చు. కంపెనీకి ఇప్పుడు 4 లక్షల షేర్లున్నాయి. ధాన్యం కొనడానికి బ్యాంకు దగ్గర వాడే సీసీ అప్పు మీద ఏడాదికి 10 లక్షల వడ్డీ పోతుంది. ముందు రెండు దారులు. మొదటిది, 11 శాతం వడ్డీకి 2 కోట్ల టర్మ్ లోన్. రెండోది, షేరు 100 రూపాయల చొప్పున 2 లక్షల కొత్త షేర్లు.

పెద్దాయన మాట ఒక్కటే: "బ్యాంకుకు కిస్తీ కడుదాం గని, బయటోళ్లను మిల్లుల అడుగు పెట్టనియ్యద్దు." చిన్నాయన: "సాగర్ల నీళ్లు లేని ఏడు ఆ కిస్తీ ఎవరు కడ్తరన్నా?" ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో లెక్క చెబుతుంది.

మొదట ఒక మంచి ఏడు చూద్దాం. ఎబిట్ 120 లక్షలు వచ్చిందనుకోండి. అప్పు దారిలో వడ్డీ పాతది 10, కొత్తది 22, మొత్తం 32 లక్షలు. మిగిలేది 88. పన్ను 25 శాతం అనుకుంటే చేతికి 66 లక్షలు. 4 లక్షల షేర్లకు పంచితే ఈపీఎస్ 16.50 రూపాయలు. షేర్ల దారిలో వడ్డీ 10 లక్షలే, మిగిలేది 110, పన్ను పోను 82.5 లక్షలు. కానీ పంచుకునే షేర్లు 6 లక్షలు కాబట్టి ఈపీఎస్ 13.75. అప్పు గెలిచింది.

ఇప్పుడు పాడు ఏడు. ఎబిట్ 40 లక్షలే. అప్పు దారిలో 32 వడ్డీకే పోయి 8 మిగులుతుంది, పన్ను పోను 6 లక్షలు, ఈపీఎస్ 1.50. షేర్ల దారిలో 30 మిగిలి, పన్ను పోను 22.5 లక్షలు, ఈపీఎస్ 3.75. ఇక్కడ షేర్లు గెలిచాయి, అదీ రెట్టింపు కంటే ఎక్కువ తేడాతో.

40 దగ్గర ఒకటి, 120 దగ్గర ఇంకొకటి గెలిచాయంటే మధ్యలో ఎక్కడో రెండూ సమానం కావాలి. రెండు ఈపీఎస్‌లూ ఒక్కటయ్యే ఆ ఎబిట్టే ఉదాసీన బిందువు. కాలేజీల్లో ఇండిఫరెన్స్ పాయింట్ అంటారు. దాన్ని పట్టడానికి రెండు ఈపీఎస్‌లనూ సమానం అని రాయడమే (అంకెలన్నీ లక్షల్లో):

```
(ఎబిట్ − 32) × 0.75 ÷ 4 = (ఎబిట్ − 10) × 0.75 ÷ 6
```

రెండు వైపులా 0.75 ఉంది కాబట్టి కొట్టేయండి. పన్ను రేటు ఎంతైనా ఈ బిందువు కదలదు. అడ్డంగా గుణిస్తే:

```
6 × ఎబిట్ − 192 = 4 × ఎబిట్ − 40
2 × ఎబిట్ = 152
ఎబిట్ = 76
```

76 లక్షలు. సరి చూసుకుందాం. అప్పు దారిలో 76లోంచి 32 తీస్తే 44, పన్ను పోను 33, దాన్ని 4తో భాగిస్తే 8.25. షేర్ల దారిలో 76లోంచి 10 తీస్తే 66, పన్ను పోను 49.5, దాన్ని 6తో భాగిస్తే అదే 8.25. ఈ సరిచూపు మానొద్దు. రెండు ఈపీఎస్‌లు పైసలతో సహా కలవకపోతే పైన ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఇక్కడ కాస్త ఆగండి, పాఠంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. బిందువు దగ్గర పన్నుకు ముందు ఒక్కో షేరుకు ఎంత వస్తోంది? 44 లక్షలు 4 లక్షల షేర్లకు, అంటే 11 రూపాయలు. కొత్త షేరును 100కి అమ్ముతున్నాం, బ్యాంకు వడ్డీ 11 శాతం. 100 రూపాయల మీద 11 శాతం కూడా 11 రూపాయలే. ఇది యాదృచ్ఛికం కాదు. కొత్త షేర్‌హోల్డరు తెచ్చిన ప్రతి 100 రూపాయలకు మిల్లు పంచి ఇచ్చేది బ్యాంకు అడిగే వడ్డీతో సమానమైన చోటే రెండు దారులూ కలుస్తాయి. అంతకంటే ఎక్కువ సంపాదించే మిల్లుకు కొత్త భాగస్వామి బ్యాంకు కంటే ఖరీదు. తక్కువ సంపాదిస్తే బ్యాంకే ఖరీదు.

దీన్నిబట్టి షేరు ధర ఎంత పని చేస్తుందో చూడండి. షేరు 50 రూపాయలకే అమ్మాల్సి వస్తే 2 కోట్లకు 4 లక్షల కొత్త షేర్లు కావాలి, మొత్తం 8 లక్షలు. పన్నుకు ముందు షేరుకు 5.50 చొప్పున 44 లక్షలు, పాత వడ్డీ 10 కలిపితే బిందువు 54 లక్షలకు దిగుతుంది. అదే షేరు 150కి పోతే 98 లక్షలకు ఎక్కుతుంది. షేరును చౌకగా అమ్మే కంపెనీకి అప్పు త్వరగా లాభసాటి అవుతుంది. కాబట్టి 100 అన్న ధర ఎవరో నోటిమాటగా చెప్పింది అయితే 76 అన్న జవాబు కూడా నోటిమాటే. బయటివాళ్లకు షేర్లు కేటాయించాలంటే ఎలాగూ రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక కావాలి. లెక్కకు కూర్చునే ముందే ఆ ధర తెలుసుకోవడం మంచిది.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, పాత వడ్డీని మరచిపోవడం. రెండు దారుల్లోనూ ఉన్నదే కదా, కొట్టుకుపోతుందిలే అనిపిస్తుంది. పోదు, ఎందుకంటే కింద భాగించే సంఖ్యలు వేరు. 10 లక్షలు వదిలేస్తే జవాబు 66 వస్తుంది, సరిగ్గా 10 తక్కువ. అలాగే ప్లాంటు పెరిగితే ధాన్యం ఎక్కువ కొనాలి, సీసీ వాడకం పెరుగుతుంది. ఆ అదనపు వడ్డీ 5 లక్షలనుకుంటే దాన్ని రెండు వైపులా కలపాలి, బిందువు 81కి జరుగుతుంది. రెండో తప్పు, 2 కోట్లను షేరు ముఖవిలువ 10తో భాగించి 20 లక్షల షేర్లు రాయడం. ముఖవిలువతో మనకు పని లేదు, అమ్మే ధరతోనే పని.

మిల్లు యజమానులను ఎబిట్ అడిగితే, మిషన్లు అరిగినందుకు ఏటా రాసే తరుగుదల తీయకుండా చెప్పే అలవాటు కూడా ఉంది. కొత్త మిషన్లు వచ్చాక తరుగుదల చిన్న అంకె కాదు. మన లెక్కలోని ఎబిట్ అది తీసేశాక మిగిలిందే.

సరే, 76 దొరికింది. మరి ఏ దారి? ఒంటరిగా ఆ అంకె ఏమీ తేల్చదు. విస్తరణ తర్వాత వచ్చే ఎబిట్ ఎక్కడెక్కడ తిరుగుతుందో దాని పక్కన పెట్టాలి. మిర్యాలగూడ మిల్లుకు ధాన్యం చాలావరకు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నుంచి వస్తుంది. కాలువకు నీళ్లు వదలని యాసంగిలో మిల్లు సగం రోజులు ఆగుతుంది, డ్రయ్యర్ ఆగినా వడ్డీ ఆగదు. ఈ అన్నదమ్ముల అంచనా ఇలా ఉందనుకుందాం: పాడు ఏడు 40, మామూలు ఏడు 85, మంచి ఏడు 120.

మామూలు ఏడు 85 దగ్గర అప్పు ఈపీఎస్ 9.94, షేర్లది 9.38. పెద్దాయన గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ 85కూ 76కూ మధ్య దూరం 9 లక్షలే. ఎబిట్ పదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గితే చాలు, గెలుపు పోతుంది. తవుడు ధర పడినా, కస్టమ్ మిల్లింగ్ బిల్లులు ఆలస్యమై సీసీ వడ్డీ పెరిగినా ఆ దూరం కరిగిపోతుంది.

ఈపీఎస్ చూడనిది ఇంకొకటి ఉంది, అప్పు తాలూకు అసలు. 2 కోట్లు 5 ఏళ్లలో తీర్చాలంటే ఏడాదికి 40 లక్షలు. ఇది లాభనష్టాల ఖాతాలో కనిపించదు, బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. కంపెనీ మొత్తం తరుగుదల 18 లక్షలనుకోండి, అది చేతి నుంచి పోని ఖర్చు కాబట్టి తిరిగి కలపాలి. ఎబిట్ 85 వచ్చిన ఏడాదిలో పన్ను పోను లాభం 39.75, తరుగుదల 18, కలిపి 57.75 లక్షలు. అసలు కట్టి 17.75 మిగులుతుంది. ఎబిట్ 40 వచ్చిన ఏడాదిలో లాభం 6, తరుగుదల 18, చేతిలో 24. కట్టాల్సింది 40. 16 లక్షలు ఎక్కడినుంచి తెస్తారు? ఈపీఎస్ 1.50 ఉంది, అంటే కాగితం మీద లాభమే, అయినా కిస్తీ తప్పుతుంది. అసలు సరిగ్గా కట్టగలిగే ఎబిట్ ఎంతో వెతికితే సుమారు 61.3 లక్షలు వస్తుంది. నా దృష్టిలో ఈ మిల్లు 76 పక్కన ఈ 61.3 కూడా రాసి పెట్టుకోవాలి. వరసగా రెండేళ్లు దానికి దిగువన ఉండే అవకాశం ఉంటే చిన్నాయన మాటే వినాలి, లేదా బ్యాంకును 5 ఏళ్ల బదులు 7 ఏళ్ల గడువు అడగాలి. గడువు 7 ఏళ్లయితే అసలు ఏడాదికి సుమారు 28.6 లక్షలకు దిగుతుంది.

పెద్దాయన భయానికీ ఒక అంకె ఉంది. కొత్త షేర్లన్నీ బయటివాళ్లకే పోతే 6 లక్షల్లో 4 లక్షలు, అంటే మూడింట రెండు వంతులు కుటుంబం దగ్గర ఉంటాయి. మాట చెల్లుతుంది గానీ, మూడింట ఒక వంతు ఉన్నవాళ్లు నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాల్సిన ప్రత్యేక తీర్మానాలను ఆపగలరు. ఆ ఇబ్బంది ఖరీదు ఈపీఎస్‌లో రాదు.

అభ్యాసం: వనపర్తిలో పల్లీ నూనె మిల్లు కంపెనీకి 3 లక్షల షేర్లున్నాయి, పాత అప్పు లేదు. 1 కోటి 20 లక్షలు కావాలి. దారి ఒకటి, 12 శాతం అప్పు. దారి రెండు, షేరు 80 చొప్పున కొత్త షేర్లు. ఉదాసీన బిందువు 43.2 లక్షలు రావాలి. తర్వాత మూడో దారి కలపండి: సగం అప్పు, సగం షేర్లు. దీన్ని మొదటి దారితో ఒకసారి, రెండో దారితో ఒకసారి పోల్చి రెండు కొత్త బిందువులు కనిపెట్టండి. మూడు జవాబులూ పక్కపక్కన రాసుకుని, అలా ఎందుకు వచ్చాయో 11 రూపాయల సంగతి గుర్తు తెచ్చుకుని ఆలోచించండి. 8వ పాఠం అక్కడ మొదలుపెట్టి, ప్రిఫరెన్స్ షేర్లు వస్తే పన్ను రేటు ఎందుకు కొట్టుకుపోదో చూస్తాం.