లాంగ్ టర్మ్ గోల్ దగ్గరికొచ్చేసరికి ఎస్‌ఓపీ ఎందుకు తేలిపోతుంది?

కర్నూలులో మా కాలేజీ జూనియర్లు ఏటా అక్టోబర్, నవంబర్‌లో ఎస్‌ఓపీలు, అంటే విదేశాల్లో మాస్టర్స్ సీటు కోసం రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు, పట్టుకొని వస్తుంటారు. మొదటి పేజీ అంతా ఎవరిది వాళ్లదే, ఒకడు ఇన్వర్టర్ కాలిపోయిన కథ రాస్తాడు, ఇంకొకమ్మాయి గోడౌన్‌లో స్టాక్ లెక్క తేలని కథ రాస్తుంది, చదవబుద్ధవుతుంది. లాంగ్ టర్మ్ గోల్ పేరాకి వచ్చేసరికి మాత్రం అందరూ ఒకే మనిషి అయిపోతారు. కాబట్టి ఆ ఒక్క పేరాలో వచ్చే జబ్బుల గురించే రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇది ప్రొఫెషనల్ మాస్టర్స్‌కి మాత్రమే, అంటే ఎంఇంజ్, ఎనర్జీ మేనేజ్‌మెంట్, సప్లై చైన్, పబ్లిక్ పాలసీ లాంటి వాటికి. రీసెర్చ్ కోర్సుకైతే ఏ ప్రొఫెసర్‌తో ఏ ప్రశ్న మీద పని చేస్తావనేది ముఖ్యం. ఇక్కడ నీ ఎస్‌ఓపీ చదివే అడ్మిషన్లవాళ్లు చూసేది వేరే: చదువు అయ్యాక ఈ మనిషి ఏ ఉద్యోగంలోకి వెళ్తాడు, ఆ ఉద్యోగానికి మా కోర్సు నిజంగా అవసరమా, లేకపోయినా వెళ్లగలడా.

లక్షణం 1: పేరా బాగుంది, కానీ ఎవరి ఎస్‌ఓపీలో పెట్టినా సరిపోతుంది

పోయినేడు ఒక తమ్ముడు పంపాడు. ఈఈఈ చదివాడు, ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో మూడేళ్లుగా ఆపరేషన్స్ ఇంజనీరు. ఎనర్జీ సిస్టమ్స్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాడు. వాడు ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగులో చెప్తే ఇదీ:

"పునరుత్పాదక ఇంధన రంగంలో నాయకత్వ స్థానానికి ఎదిగి, సుస్థిర భవిష్యత్తుకు నా వంతు కృషి చేయాలన్నది నా దీర్ఘకాలిక లక్ష్యం."

తప్పేముంది అన్నాడు. తప్పేమీ లేదు, అదే తప్పు. పరీక్ష చాలా తేలిక: ఆ పేరాలో "ఇంధన రంగం" కొట్టేసి "ఆరోగ్య రంగం" అని పెట్టు. వాక్యం ఇంకా నిలబడిందంటే అందులో నువ్వు లేవు, నీ మూడేళ్ల పనీ లేదు.

కారణం మాటలు రాకపోవడం కాదు. ఇంగ్లీషు పాలిష్ చేయించుకుంటే పోతుందనుకొని డబ్బులు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు, పోదు. అసలు కారణం, వాడు తన పనిలో తలనొప్పి ఎక్కడుందో ఇంకా పేరు పెట్టి చెప్పుకోలేదు. రంగం పేరు చెప్పాడు, హోదా చెప్పాడు, సమస్య చెప్పలేదు.

మందు: రాయడం ఆపి, ఉద్యోగంలో నీకు పదే పదే చిరాకు తెప్పించిన ఒక్క విషయం చెప్పమని అడిగా. మొదట ప్యానెళ్ల మీద దుమ్ము అన్నాడు. అది నిజమే కానీ దానికి మాస్టర్స్ ఎందుకప్పా, నీళ్లూ బ్రష్షూ చాలు కదా. ఇంకా తవ్వితే అసలు విషయం బయటికొచ్చింది. సోలార్ ప్లాంటు రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకులో ఎంత కరెంటు ఇస్తుందో ముందే చెప్పాలి. చెప్పినదానికీ ఇచ్చినదానికీ తేడా పరిమితి దాటితే డబ్బు కట్టాలి. మధ్యాహ్నం మబ్బు పడితే ఒక రకం కష్టం, ఎండ బాగా కాసి గ్రిడ్‌లో వాడకం తక్కువున్న రోజు గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఉత్పత్తి తగ్గించండని ఫోనొస్తే ఇంకో రకం కష్టం. "ఎండ ఉంది, ప్యానెల్ ఉంది, కరెంటు వస్తా ఉంది, మనమే చేతులారా ఆపుతున్నామన్నా, సాయంత్రం ఏడింటికి అదే కరెంటు కోసం అందరూ వెతుక్కుంటారు" అన్నాడు.

ఇదిగో, గోల్ ఇక్కడుంది. వాడు మూడేళ్లుగా దాని పక్కనే కూర్చున్నాడు.

లక్షణం 2: చదివినవాడికి నవ్వొస్తుంది, లేదా భయమేస్తుంది

సమస్య దొరికిన సంతోషంలో వాడు రెండో డ్రాఫ్టులో ఏకంగా ఆకాశానికి ఎగిరాడు. సొంత స్టోరేజ్ కంపెనీ పెడతాడట, రాయలసీమ మొత్తానికి 24 గంటలూ సోలార్ కరెంటు ఇస్తాడట, దేశాన్ని బొగ్గు నుంచి విముక్తం చేస్తాడట.

పెద్ద కల కనడం తప్పని నేననను. కానీ ఎస్‌ఓపీలో కలకీ గోల్‌కీ తేడా ఒకటుంది. ఆ వాక్యం నిజం కావాలంటే నువ్వు కాకుండా ఇంకా ఎవరెవరు ఏమేం చేయాలో ఒక కాగితం మీద రాయి. వాడు రాస్తే ఇలా వచ్చింది: ప్రభుత్వం భూమి ఇవ్వాలి, బ్యాంకులు వందల కోట్లు ఇవ్వాలి, డిస్కమ్‌లు పాతికేళ్ల కొనుగోలు ఒప్పందం చేసుకోవాలి, ట్రాన్స్‌మిషన్ లైను పడాలి. తను చేసేది ఏమిటంటే, "వీళ్లందరినీ ఒప్పించడం." జాబితాలో నీ పని కంటే మిగతావాళ్ల పనే ఎక్కువుంటే అది గోల్ కాదు, ఎలక్షన్ మేనిఫెస్టో.

పైగా కర్నూలు సోలార్ పార్కే 1000 మెగావాట్లది, దాని వెనక ఎన్ని సంస్థలున్నాయో అందులో పని చేసేవాడికి తెలియనిది కాదు. మూడేళ్ల అనుభవంతో అంతకంటే పెద్దది ఒంటిచేత్తో చేస్తానంటే, రంగం తెలిసినవాడు రాసినట్టుండదు. అదే ఇక్కడ నష్టం. గోల్ అతిగా ఉండటం వల్ల, మొదటి పేజీలో నిజంగా చేసిన పనిమీద కూడా అనుమానం పుడుతుంది.

కారణం సాధారణంగా భయం. చిన్నది రాస్తే సీటు రాదేమో అని. కన్సల్టెన్సీల్లో "విజన్ కనపడాలి" అని ఊదరగొడతారు కదా, అదొకటి.

మందు: గోల్‌ని చిన్నది చేయకు, నీ చేయి అందేంత దూరంలో పెట్టు. మేం నాలుగు ప్రశ్నలకి జవాబులు రాసుకున్నాం. ఏం పని చేస్తుంటావు? ఎలాంటి సంస్థలో? ఏ సమస్య మీద? ఎంత పరిధిలో? హోదా పేరు అవసరం లేదు, రోజూ పొద్దున ఆఫీసుకెళ్లి ఏం నిర్ణయం తీసుకుంటావో చెప్పు చాలు.

ఈ జవాబులు గాల్లోంచి రాకూడదు. నీ గోల్‌లో ఉన్న పనిని ఇప్పటికే చేస్తున్న ముగ్గుర్ని లింక్డిన్‌లో పట్టుకొని, వాళ్లు అక్కడికి ఎన్నేళ్లకి, ఏ ఏ మెట్లెక్కి వచ్చారో వెనక్కి చదువు. ముగ్గురిలో ఒక్కరి దారైనా నీ దారికి దగ్గరగా లేకపోతే, గోల్ మార్చు లేదా మధ్యలో ఒక మెట్టు కలుపు. మావాడికి ఇక్కడే తెలిసొచ్చింది, షెడ్యూలింగ్, ట్రేడింగ్ టీములు నడిపేవాళ్లు దాదాపు అందరూ ముందు కొన్నేళ్లు అనలిస్టులుగా కూర్చున్నవాళ్లే. స్టోరేజ్ ఊహాలోకం సంగతి కాదనడానికి ఉదాహరణ కూడా దూరం వెళ్లక్కర్లేదు, పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ఉంది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడిపెట్టుకోవడం, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం, అంతే దాని సంగతి. ఎప్పుడు తోడాలి, ఎప్పుడు వదలాలి అన్నదే తెలివి.

మూడో డ్రాఫ్టు ఇలా వచ్చింది:

"సోలార్‌తో పాటు స్టోరేజ్ కూడా ఉన్న ఒక ఉత్పత్తి సంస్థలో, ఏ గంటలో కరెంటు అమ్మాలి, ఏ గంటలో దాచాలి అని నిర్ణయించే టీమును ఎనిమిది పదేళ్లలో నడపాలన్నది నా లక్ష్యం. దానికి ముందు మూడు నాలుగేళ్లు ఫోర్‌కాస్టింగ్, షెడ్యూలింగ్ అనలిస్టుగా పని చేయాలి. ఉత్పత్తి ఆపమని ఫోను వచ్చే వైపు నేను మూడేళ్లు కూర్చున్నాను. ఆ నిర్ణయం వెనక ఉన్న మార్కెట్ లెక్క, ఆప్టిమైజేషన్ నాకు రావు. మీ కోర్సులో నాకు కావాల్సింది అవే."

చివరి రెండు వాక్యాలు చూడు. "నాకు రావు" అని రాయడానికి వాడు చాలా మొండికేశాడు, బలహీనత బయటపెట్టినట్టవుతుందని. కానీ కోర్సుని గోల్‌కి కట్టే తాడు అదే. అన్నీ వచ్చినవాడికి మాస్టర్స్ ఎందుకు? ఆ రాని రెండింటికీ ఎదురుగా ఆ యూనివర్సిటీ సిలబస్‌లో ఉన్న రెండు కోర్సుల పేర్లు, కోర్సు చివర్లో చేసే క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు ఉంటే అదీ రాయాలి. యూనివర్సిటీ మారితే ఆ పేర్లు మారాలి, గోల్ మారకూడదు. పాత యూనివర్సిటీ కోర్సు పేరు అలాగే వదిలేసి పంపినవాళ్లని నేను చూశాను.

లక్షణం 3: కరువు కథ, తర్వాత సంబంధం లేని గోల్

ఇది మన సీమవాళ్లకే ప్రత్యేకం. అనంతపురం పిల్లలైతే సగం మంది "వర్షాలు లేని జిల్లాలో పుట్టి, ఎండిన వేరుశనగ చేను చూసి" అని మొదలుపెడతారు. నిజమే, చూసే ఉంటారు, మేమూ చూశాం. కానీ తర్వాత పేరాలో గోల్ బ్యాంకింగ్ అనలిటిక్స్ అని ఉంటే ఆ చేను గాల్లో వేలాడుతుంది.

కారణం: కథ ఉంటేనే గోల్ నమ్ముతారనుకోవడం. నమ్మకం చేసిన పని నుంచి వస్తుంది, పుట్టిన ఊరి నుంచి కాదు. కరువు నీ పనిలో ఉంటే, అంటే డ్రిప్ కంపెనీలో చేశావనో పంటల బీమా లెక్కలు చూశావనో ఉంటే, ఉంచు. లేకపోతే తీసెయ్. మావాడు కూడా ఒక బోరుబావి కథ పెట్టాడు, తీయించేశా.

ఇంకా రెండు చిన్నవి

"కన్సల్టెంట్ లేదా స్టార్టప్ లేదా పీహెచ్‌డీ" అని మూడు దారులు రాస్తే ఏదీ ఆలోచించలేదని అర్థం. ఒకటి ఉంచు. అందులో పీహెచ్‌డీ ఉంటే, ఉద్యోగాల కోసం పెట్టిన కోర్సుకి ఎందుకు వస్తున్నావని వాళ్లకి డౌటొస్తుంది. దీనికి ఎదురుజబ్బు మరీ బిగించేయడం, "2035 నాటికి ఫలానా కంపెనీలో వైస్ ప్రెసిడెంట్" అని. సంవత్సరానికి బదులు "ఎనిమిది పదేళ్లు", కంపెనీ పేరుకి బదులు ఎలాంటి కంపెనీయో చెప్తే సరిపోతుంది.

పంపేముందు చివరి పరీక్ష నోటితో. ఇంటర్వ్యూ ఉంటే అక్కడా అడుగుతారు, వీసా కౌంటర్‌లోనూ అడగొచ్చు, అప్పుడు పేజీలు చదివి వినిపించలేవు. అందుకే రంగం తెలియని మనిషికి ఇంట్లో రెండు వాక్యాల్లో చెప్పి, వాళ్లు తిరిగి ఏం చెప్తారో విను. మావాడు వాళ్ల నాన్నకి చెప్పాడట. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే కరెంటు ఎప్పుడు దాచిపెట్టాల, ఎప్పుడు తీయాల అని చెప్పే ఉద్యోగమా? మరి అంతదూరం పోయి నేర్చుకోవాల్నా అది?" అన్నాడట. మొదటి ప్రశ్న అంటే గోల్ అర్థమైందని. రెండోదానికి వాడు నీళ్లు నమిలాడు, మరుసటి రోజు కూర్చొని కోర్సుల గురించిన పేరా మళ్లీ రాశాడు.