పాఠకుడికి అంతా తెలిసినా ఉత్కంఠ పుట్టని సన్నివేశం: లక్షణం, కారణం, మరమ్మతు

పొంచి ఉన్న ప్రమాదాన్ని పాఠకుడికి ముందే చూపించి, పాత్రకు మాత్రం తెలియనివ్వకుండా కథ నడిపే పద్ధతిని నాటకీయ వ్యంగ్యం అంటారు. రహస్యాన్ని పాఠకుడి చెవిన వేయడం సులభమే. చిక్కల్లా ఆ తరువాతే వస్తుంది: చెప్పవలసినదంతా చెప్పినా సన్నివేశం చప్పగా సాగుతుంది. ఎక్కడ చెడిందో పట్టుకోవడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళ్దాం.

ఒక సంస్థలో లెక్కలు చూసే వసుంధర, జరగని కొనుగోళ్ళకు డబ్బు చెల్లించినట్టు చూపే కొన్ని దొంగ బిల్లులను కనిపెట్టింది. వాటిని పుట్టించినవాడు తనకు పని నేర్పిన మేనేజరు రమణమూర్తే అన్న సంగతి పాఠకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. సాయంత్రం ఆరు గంటలకు ఆడిటర్ వస్తాడు. నాలుగున్నరకు ఆమె ఆ బిల్లుల కట్ట పట్టుకుని, సలహా కోసం రమణమూర్తి గదిలోకే వెళ్తుంది.

లక్షణం: రహస్యం తెలిసినా పాఠకుడిలో గుబులు లేదు

ఎక్కువ కథల్లో కనిపించే జబ్బు ఇదే. పాఠకుడికి ఇచ్చిన సమాచారం జరిగిపోయినదాని గురించి మాత్రమే కావడం దీనికి కారణం. "రమణమూర్తి దొంగ" అని తెలిస్తే ఆయన మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది, అంతే. భయం పుట్టాలంటే రాబోయేదాని గురించి మూడు సంగతులు తెలియాలి: ఏ నష్టం జరగబోతోంది, ఎప్పటిలోగా, ఆమె ఏ పని చేస్తే లేక ఏ మాట అంటే అది జరుగుతుంది. మొదటి రెండింటినీ రచయితలు ఏదో ఒక రూపంలో చెబుతారు. మూడోది తరచుగా వదిలేస్తారు. నా దృష్టిలో ఉత్కంఠ అంతా ఆ మూడోదాని మీదే నిలబడుతుంది, ఎందుకంటే పాత్ర చేసే ప్రతి కదలికనూ పాఠకుడు దానితోనే కొలుస్తాడు.

మరమ్మతు పెద్దదేమీ కాదు. వసుంధర గదిలోకి రాకముందు అర పేజీ చాలు. రమణమూర్తి తలుపు వేసుకుని ఫోనులో ఎవరితోనో ఇలా అంటాడు: "అసలు బిల్లులు చేతికొస్తే ఆరింటిలోపు బూడిద చేసేస్తాను. ఆ పిల్ల జిరాక్సులు తీసి పెట్టుకుందంటేనే చిక్కు. అది తెలుసుకోకుండా బయటికి పంపను." అంతకు ముందే ఇంకొక చోట, వసుంధర జిరాక్సులను మడిచి తన చేతిసంచి లోపలి అరలో దాచుకోవడం పాఠకుడు చూసి ఉండాలి. ఇప్పుడు నష్టం తెలుసు, గడువు తెలుసు, ఆమెను ముంచే మాట ఏదో కూడా తెలుసు. "జిరాక్సులు తీయించావా అమ్మా?" అన్న మామూలు ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని పాఠకుడు ఎదురుచూస్తాడు.

సమాచారం పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ అర పేజీని పక్కన పెట్టి గదిలోని సన్నివేశాన్ని ఒకసారి, దానితో కలిపి మరొకసారి చదవండి. రెండోసారి అర్థం మారిన వాక్యాల కింద గీత గీయండి. "తలుపు దగ్గరగా వెయ్యమ్మా" అన్న మాట మొదటి చదువులో మర్యాద, రెండో చదువులో ఉచ్చు. ఇలాంటి గీతలు పేజీకి రెండు మూడైనా పడకపోతే లోపం ఆ అర పేజీలో లేదు. గదిలోని సన్నివేశాన్ని దాని సంగతే ఎరగనట్టు రాశారన్నమాట, దానినే తిరగరాయాలి. ఆ అర పేజీకీ ఈ గదికీ మధ్య మరీ ఎక్కువ కథ నడిచినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అప్పుడు సంగతిని మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆమె కుర్చీలో కూర్చుంటూ చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుందని ఒక వాక్యం రాస్తే పాఠకుడికి అంతా గుర్తుకొస్తుంది.

లక్షణం: "ఈమెకు ఇంత కూడా తెలియదా?" అని పాఠకుడు విసుక్కుంటున్నాడు

పాఠకుడు చూసిన ఆధారాలే పాత్ర కళ్ళ ముందూ ఉండి, పాత్ర మాత్రం గ్రహించకపోతే ఈ విసుగు వస్తుంది. పాఠకుడికి రహస్యం తెలిపిన ప్రతి ఆధారాన్నీ కాగితం మీద రాసుకుని, ఆ సమయంలో వసుంధర ఎక్కడ ఉంది అని పక్కన రాయండి. ఆమె అక్కడే ఉన్న సందర్భాలు ఉంటే వాటిని తీసేయండి, లేదా ఆమె లేనప్పుడు జరిగేటట్టు మార్చండి.

అది సగం పనే. ఆమెకు ఆధారాలు అందకపోవడంతో పాటు, పొరపాటుగా నమ్మడానికి గట్టి కారణం కూడా ఉండాలి. రెండు నెలల కిందట ఇంకొక చిన్న తేడాను స్వయంగా రమణమూర్తే బయటపెట్టి, పైవాళ్ళ దాకా తీసుకువెళ్ళాడనుకుందాం. అప్పుడు ఆమె ఆయన దగ్గరికి వెళ్ళడం అమాయకత్వం కాదు, ఆమెకు తెలిసినంతలో సరైన ఆలోచన. పైగా ఆమెకు అనుమానించే బుద్ధి ఉందని కూడా చూపించాలి, కానీ ఆ అనుమానం మరొకరి మీదికి పోవాలి. తెలివైన మనిషి తప్పుదారిలో నడుస్తుంటే పాఠకుడు విసుక్కోడు, ఊపిరి బిగబడతాడు.

లక్షణం: మొదట బిగువుగా ఉన్న సన్నివేశం నడుమ జారిపోతోంది

పాఠకుడికి తెలిసినదానికీ పాత్రకు తెలిసినదానికీ మధ్య ఉన్న దూరం మారకుండా పేజీలు గడిస్తే ఉత్కంఠ అలవాటైపోతుంది. పాఠకుడు పది వాక్యాల పాటు భయపడి, ఏమీ జరగకపోతే కుదుటపడతాడు. ప్రతి మలుపులో ఆమె నిజానికి కాస్త దగ్గర కావాలి, లేదా ప్రమాదానికి కాస్త దగ్గర కావాలి. రెండూ ఒకేసారి జరిగితే మరీ మంచిది.

గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఆమె సంగతి చెప్పగానే రమణమూర్తి తలపంకించి, "నాకూ అనుమానంగానే ఉందమ్మా" అంటూ స్టోర్సు గుమాస్తా పేరు ఎత్తుతాడు. ఆమె ఆ దారి పట్టింది కాబట్టి నిజానికి దూరమైంది. ఆయన చెయ్యి చాపి అసలు బిల్లులు అడుగుతాడు. ఆమె కట్ట ముందుకు జరిపి, మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. "ఒక్క నిమిషం సార్, నంబర్లు రాసుకుని ఇస్తాను." ఇది అనుమానం కాదు, లెక్కలు చూసే మనిషికి ఉండే అలవాటు. బిల్లులు ఆమె చేతిలోనే మిగిలాయి, కానీ గడియారం అయిదు దాటింది.

రాసుకోవడానికి ఆమెకు పెన్ను కావాలి. బల్ల మీద ఆకుపచ్చ సిరా పెన్ను ఉంది. దొంగ బిల్లుల మీద సంతకాలన్నీ ఆకుపచ్చ సిరాతోనే ఉన్నాయని పాఠకుడికి తెలుసు. ఆమె చెయ్యి దాని వైపు వెళ్ళేలోగా రమణమూర్తి చదువుతున్న పేపరును మడవకుండానే పెన్ను మీద పెట్టి, జేబులోంచి నీలం పెన్ను తీసి ఇస్తాడు. ఆమె నంబర్లు రాస్తూ, "వీడెవడో సంతకాలన్నీ పచ్చ సిరాతో పెట్టాడు సార్" అంటుంది తల ఎత్తకుండా. ఇక్కడ ఆమె నిజానికి అంగుళం దూరంలో ఉంది, ప్రమాదానికీ అంతే దూరంలో ఉంది. ఆయన అప్పుడే ఆ ప్రశ్న వేస్తాడు: "జిరాక్సులేమైనా తీయించావా అమ్మా?"

ఈ వరుసలో ఆమెను ఆపినవీ కదిలించినవీ అన్నీ ఆ ఇద్దరి స్వభావం లోంచి, ఆ బల్ల మీది వస్తువుల లోంచి వచ్చాయి. నడుమ జారిపోయిన చిత్తుప్రతులను తిరిగి చూస్తే, ఇలాంటి చోట ఫోను మోగడమో, ఎవరో తలుపు తట్టడమో ఉంటుంది. అలాంటి అంతరాయాన్ని పాఠకుడు ఒకసారి క్షమిస్తాడు. రెండోసారి వస్తే పాత్రను కాపాడుతున్నది రచయిత అని గ్రహిస్తాడు, ఆ క్షణంలోనే భయం పోతుంది. కాబట్టి బయటినుంచి వచ్చిన ప్రతి అడ్డంకినీ కొట్టేసి, ఆ చోట పాత్ర అలవాటునో, మొహమాటాన్నో, పంతాన్నో పెట్టి చూడండి.

లక్షణం: నిజం బయటపడినప్పుడు పాఠకుడు నిరాశ పడుతున్నాడు

దీనికి రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. మొదటిది తొందర. పాఠకుడు ఇంతసేపూ ఎదురుచూసింది ఆమె తెలుసుకునే క్షణం కోసం. దానిని "ఆమెకు అంతా అర్థమైంది" అని ఒక్క వాక్యంలో దాటేస్తే అప్పు ఎగ్గొట్టినట్టే. రమణమూర్తి పేపరు ఎత్తినప్పుడు పెన్ను దొర్లి ఆమె రాసుకున్న కాగితం పక్కన ఆగనివ్వండి. ఆమె దానిని చూసి, మూత తీసి, కాగితం అంచున చిన్న గీత గీసి, మళ్ళీ మూత పెట్టేదాకా ఒక్క మాటా మాట్లాడనివ్వకండి. అక్కడినుంచి దూరం తలకిందులవుతుంది: ఇప్పుడు ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. సన్నివేశం ముగియవలసిన చోట రెండో ఉత్కంఠ మొదలవుతుంది.

రెండో కారణం కొంత లోతైనది. పాఠకుడిని చాలాసేపు భయపెట్టి, ఆ భయాన్నే నిజం చేసి వదిలేయడం. దర్శకుడు హిచ్‌కాక్ 1936లో తీసిన 'సాబొటాజ్' సినిమాలో ఒక పిల్లవాడు తాను మోస్తున్నది బాంబు అని తెలియకుండా ఊరంతా తిరుగుతాడు. ప్రేక్షకులకు ఆ సంగతి తెలుసు. దారిలో ఆలస్యాలు జరుగుతాయి, చివరికి బస్సులో బాంబు పేలి పిల్లవాడు చనిపోతాడు. అలా తీయడం పొరపాటని హిచ్‌కాక్ తరువాతి కాలంలో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఒప్పుకున్నాడు. దీని అర్థం ప్రతి పాత్రనూ కాపాడాలని కాదు. విషాదాంతమే కథకు అవసరమైతే, ఆ విషాదం వల్ల ఇతర పాత్రలు ఏం చేయవలసి వచ్చిందో చూపడానికి చోటు మిగుల్చుకోవాలి. వసుంధర జిరాక్సుల సంగతి చెప్పేసి, అవి కూడా కాలిపోయాయంటే, ఆమె నీలం సిరాతో రాసుకున్న నంబర్ల కాగితమైనా ఆడిటర్ కళ్ళ ముందు ఉండాలి.

కథ "నేను" అంటూ నడుస్తుంటే

వసుంధరే కథ చెబుతుంటే రమణమూర్తి ఫోను సంభాషణను ఆమె చూపలేదు, కాబట్టి పైన చెప్పిన మొదటి మరమ్మతు ఇక్కడ పనికిరాదు. రెండు దారులు ఉన్నాయి. జరిగిపోయిన చాలాకాలానికి చెబుతున్నట్టయితే, "ఆ జిరాక్సుల గురించి ఆయనకు చెప్పకుండా ఉండవలసింది" అని ముందే అనవచ్చు. జరుగుతుండగానే చెబుతున్నట్టయితే, ఆమె చూసింది చూసినట్టు చెప్పి అర్థం మాత్రం పాఠకుడికి వదిలేయాలి: "సార్ పేపరు మడవకుండానే బల్ల మీద పెట్టారు. ఆయనకు అలా చిందరవందరగా ఉంచడం ఇష్టం ఉండదు, బాగా అలసిపోయినట్టున్నారు." రెండో దారిలో పాఠకుడి ఆధిక్యం తక్కువగా ఉంటుంది, అతడు ఊహిస్తాడే గాని రూఢిగా తెలుసుకోడు. అందువల్ల ఈ పద్ధతి ఒక సన్నివేశానికి సరిపోతుంది గాని, దీని మీద నవల మొత్తం నిలబెట్టాలంటే సూచనలను అధ్యాయం అధ్యాయానికీ పెంచుకుంటూ పోవలసి ఉంటుంది.