మేనేజరుకు పంపే సందేశాన్ని ఉత్తరంగా మార్చాం: నా అనుభవం

తిరుపతిలో ఉండే మా తమ్ముడు కూతురి చదువు రుణం కోసం బ్యాంకు మేనేజరుకు వాట్సాప్‌లో పంపుతున్న సందేశం ఇది: "సార్, మా పాప లోను ఏమైంది? ఫీజు కట్టమంటున్నారు, కొంచెం చూడండి సార్." బతిమాలడం ఉంది కానీ, ఫైలు వెతకడానికి పనికివచ్చే ముక్క ఒక్కటీ లేదు.

ఉత్తరంలో "విషయం: విద్యారుణ దరఖాస్తు పరిస్థితి" అని రాసి, దరఖాస్తు సంఖ్య, ఇచ్చిన తేదీ పెట్టాను. ఆపై: "ఫీజు గడువు తెలిపే కళాశాల లేఖ జతచేశాను. పత్రాలేవైనా తక్కువైతే వాటి పేర్లు రాతపూర్వకంగా తెలపగలరు. లేనిచో నిర్ణయం ఏ తేదీలోగా వెలువడుతుందో తెలపగలరు." "కొంచెం చూడండి" అంటే "చూస్తున్నాం" అని తప్పించుకోవచ్చు. వీటికి అలా కుదరదు.

గుమాస్తా "పెట్టి వెళ్లండి" అన్నాడు. మా ప్రతిపై ముద్ర, తేదీ పడేదాకా తమ్ముడు కౌంటరు వదలలేదు. ఆదాయ ధ్రువపత్రం తక్కువైందని ఆ తర్వాత ఫోను వచ్చింది.

అదీ రాకపోతే రెండో ఉత్తరానికి "ఫిర్యాదు" అనే పేరు పెట్టేవాణ్ణి. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చినది సరిపోకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. అక్కడ ఆలస్యం గురించి అడగవచ్చు. రుణం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం బ్యాంకు నిర్ణయమే.