డెంగీ క్లెయిము “అడ్మిషన్ అవసరం లేదు” అని తిరిగొస్తే: డాక్టరు లెటరు ఎలా ఉండాలి

సమస్య: నెల్లూరులో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాక ఆరోగ్య బీమా క్లెయిము కొట్టేశారని కాగితం వస్తుంది. “ఓపీలో చూడదగ్గ జ్వరమే” అనో, పరీక్షల కోసమే చేరారంటూ పాలసీలోని Excl04 మినహాయింపు అనో రాసి ఉంటుంది.

కారణం: చాలాసార్లు తప్పు డిశ్చార్జ్ సమ్మరీదే. “జ్వరం, డెంగీ పాజిటివ్, సెలైన్ పెట్టాం, బాగై వెళ్లారు” అని నాలుగు ముక్కల్లో ముగిస్తే చదివేవాళ్లకి జ్వరం కనిపిస్తుంది గానీ ప్రమాదం కనిపించదు. దాన్ని సరిదిద్దడానికి రాసే లెటర్లు కూడా ప్లేట్‌లెట్ల లెక్కనే పట్టుకు వేలాడతాయి. డెంగీలో మనిషిని పడగొట్టేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. దాని గుర్తులు బెడ్ పక్కనున్న చార్టుల్లోనే ఉంటాయి.

పరిష్కారం: కేస్ షీటు, బీపీ చార్టు, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు, ల్యాబ్ రిపోర్టులు ముందేసుకుని, గంటల వరసలో రాయాలి. ఉదాహరణకి, కావలి వైపు నుంచి జ్వరం ఐదో రోజున వచ్చిన 60 కిలోల మనిషి అనుకుందాం. చేరినప్పుడు, నీరు కారిపోతే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ 38, ప్లేట్‌లెట్లు 92,000. మర్నాడు తెల్లవారేసరికి హెమటోక్రిట్ 46, ప్లేట్‌లెట్లు 38,000. లెటర్లో రావలసిన విషయం ఇది:

“హెమటోక్రిట్ 21 శాతం పెరిగింది. బీపీ 110/70 నుంచి 90/70కి దిగింది, పై అంకెకీ కింది అంకెకీ తేడా 20 మాత్రమే. ఆరు గంటల్లో మూత్రం 150 మిల్లీలీటర్లే. స్కానింగులో పొట్టలో నీరు ఉంది. అందుకే సెలైన్ గంటకి 120 నుంచి 300 మిల్లీలీటర్లకి పెంచి, గంటగంటకీ బీపీ చూశాం.”

ఇంటి దగ్గర ఈ పని కుదరదని వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో అంకె పక్కన చార్టు పేజీ నంబరు వేసి, ఆ పేజీల జిరాక్సులు జత చేయాలి. కింద వైద్యం చేసిన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి స్టాంపు.

ఇంకా ఆక్షేపణ వస్తే: టైములు చూడండి. రక్తం తీసింది 5:40కి, రిపోర్టు ప్రింటయింది 11:20కి. లెటర్లో ప్రింటు టైము పడిందంటే, 6:30కి సెలైన్ ఎందుకు పెంచారో అర్థంకాదు. సెలైన్ ముందు, కారణం తర్వాత వచ్చినట్టుంటుంది. శాంపిల్ తీసిన టైమే వేయాలి. రాత్రి 12 దాటాక నర్సు రాసిన అంకెలు పాత తేదీ కిందే ఉండిపోవడం ఇంకో తంటా. దాన్ని చార్టులో దిద్దకూడదు, దిద్దితే దొంగ రికార్డనే అనుమానమొస్తుంది. “ఇది 13వ తేదీ తెల్లవారుజామున రాసింది” అని లెటర్లోనే వివరణ ఇస్తే సరి.

చార్టులో ఖాళీగా ఉన్న గంటలకి జ్ఞాపకం మీద అంకెలు వేయించొద్దు. బీపీ, మూత్రం, హెమటోక్రిట్ అన్నీ మొదట్నుంచి చివరిదాకా మామూలుగానే ఉంటే, ఈ దారిలో లెటరు పనిచేయదు. అప్పుడు ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి డాక్టరు రౌండ్స్ నోట్సులో రాసి ఉన్నాయేమో వెతకాలి.