పాఠం 5: పైన కీలు ఉన్న గేటు మీద నీటి బలం

పోయిన పాఠంలో నీటిమట్టం సరిగ్గా గేటు పై అంచుకే ఉంది. అందుకే ఫలిత బలం పై నుంచి ఎత్తులో 2/3 వంతు దగ్గర పనిచేసింది. అభ్యాసంలో గేటు పూర్తిగా మునిగింది, అయినా చాలామంది ఆ 2/3నే పట్టుకొచ్చారు. పీడన పటం త్రిభుజంగా ఉన్నప్పుడే అది చెల్లుతుంది. మునిగిన గేటుకు పటం ట్రపీజియం.

అదే లెక్క మళ్లీ చేద్దాం. గేటు వెడల్పు 1.5 మీ., ఎత్తు 2 మీ. కీలు పై అంచున ఉంది, అది నీటిమట్టానికి 1 మీ. కింద. రెండో వైపు గాలి. గేటు మధ్యబిందువు లోతు 2 మీ., వైశాల్యం 3 చ.మీ.

```
F = 9.81 × 2 × 3 = 58.86 kN
```

బలం పనిచేసే చోటు మధ్యబిందువు కంటే d²/(12h) కిందికి ఉంటుంది. ఇక్కడ d గేటు ఎత్తు, h మధ్యబిందువు లోతు. 4/24 = 0.167 మీ., అంటే నీటిమట్టం నుంచి 2.167 మీ.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఈ 2.167ను అలాగే భ్రామకంలో వేస్తున్నారు. సూత్రం లోతును నీటిమట్టం నుంచి ఇస్తుంది, గేటు తిరిగేది మాత్రం కీలు చుట్టూ. కాబట్టి కీలు లోతు 1 మీ. తీసేయాలి: 1.167 మీ. గేటు కింది అంచును మూసి ఉంచడానికి అక్కడ కావలసిన బలం:

```
P = 58.86 × 1.167 / 2 = 34.3 kN
```

1 మీ. తీసేయడం మరిచిపోతే P 63.8 వస్తుంది. నీరు మొత్తం తోసేదే 58.86 అయితే, కింది అంచు ఒక్కటే అంతకంటే ఎక్కువ మోయాలా? అప్పుడు కీలు గేటును నీటి వైపు లాగడం మానేసి, నీటితో కలిసి తోస్తున్నట్టు తేలుతుంది. ఫలిత బలం కీలుకూ కింది అంచుకూ మధ్యనే పడుతుంది కనుక రెండు ఆధారాలూ ఒకే దిశలో మోయాలి. సరైన లెక్కలో కీలు వాటా 24.5 kN. గేటు నిలువుగా ఉంది, దాని బరువు రేఖ కీలు గుండానే పోతుంది. దానికి భ్రామకం లేదు.

నాకైతే సూత్రం కన్నా పటాన్ని విడగొట్టడమే ఇష్టం. దీర్ఘచతురస్ర భాగం 29.43 kN, కీలు నుంచి 1 మీ. దగ్గర. త్రిభుజ భాగం కూడా 29.43, 1.333 మీ. దగ్గర. రెండూ సమానం కాబట్టి సగటు 1.167. ఈ దారిలో దూరాలన్నీ మొదటినుంచీ కీలు దగ్గరనుంచే కొలుస్తాం, తీసివేత బెడదే ఉండదు.

అభ్యాసం: ఇదే గేటుకు రెండో వైపు కూడా నీరుంది, గేటు సగం ఎత్తు వరకు. P, ఫలిత బలం, అది కీలు నుంచి ఎంత దూరంలో పనిచేస్తుందో కనుక్కోండి. రెండు వైపుల బలాలను తీసివేసి పాత 1.167 వాడకండి, ముందు భ్రామకాలను తీసివేయాలి. జవాబులు: 28.2 kN, 51.5 kN, 1.095 మీ.