కన్వేయర్ గేర్‌బాక్స్ ప్రాజెక్ట్ వైవా: ఎక్స్‌టర్నల్ ఎక్కడ ఆపుతారు, ఎందుకు, ఎలా సరిచేసుకోవాలి

గేర్ రేషియో అంటే ఏమిటో, మాడ్యూల్ అంటే ఏమిటో, లూయిస్ సమీకరణం ఎలా వాడాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. అవి తెలిసినవాళ్లే వైవాలో ఎందుకు ఆగిపోతారన్నది ఇక్కడి విషయం. లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. బెల్ట్ వేగం సెకనుకు 0.8 మీటర్లు, డ్రమ్ వ్యాసం 200 మి.మీ., బెల్ట్‌ను లాగడానికి కావలసిన బలం 600 న్యూటన్లు. మోటార్ 0.75 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎం. గేర్‌బాక్స్‌లో రెండు స్టేజ్‌లు, అన్నీ స్పర్ గేర్లే.

లక్షణం: "ఈ రేషియో ఎక్కడి నుంచి వచ్చింది?" అనగానే బ్యాచ్ మొత్తం మౌనం

కారణం: రిపోర్ట్ మోటార్‌తో మొదలైంది. ల్యాబ్‌లో ఒక హెచ్‌పీ మోటార్ ఉంది కాబట్టి అక్కడి నుంచి కిందికి లెక్కించుకుంటూ వచ్చారు. ఎక్స్‌టర్నల్ మాత్రం కన్వేయర్ దగ్గర మొదలుపెట్టి పైకి అడుగుతారు.

పరిష్కారం: తెల్లకాగితం మీద బెల్ట్ దగ్గర మొదలుపెట్టండి. 600 న్యూటన్లను 0.8తో గుణిస్తే 480 వాట్లు. గేర్లు, బేరింగ్‌లు, కప్లింగ్ అన్నీ కలిపి మొత్తం సామర్థ్యం 85 శాతం అనుకుంటే మోటార్ నుంచి 565 వాట్లు రావాలి. 0.55 కిలోవాట్ల మోటార్ కొద్దిలో చాలదు, అందుకే తర్వాతి సైజు 0.75. డ్రమ్ వేగం 76.4 ఆర్‌పీఎం. 1440ని దానితో భాగిస్తే 18.85. మొదటి స్టేజ్‌లో 20, 90 పళ్లు, రెండో స్టేజ్‌లో 20, 84 పళ్లు పెడితే 4.5ను 4.2తో గుణించినట్టు, అంటే 18.9. దీన్ని కాగితం చూడకుండా రెండు నిమిషాల్లో చెప్పగలగాలి.

ఇక్కడే అందరూ వదిలేసే తనిఖీ ఒకటుంది: మోటార్ నేమ్‌ప్లేట్ చదవడం. రిపోర్ట్‌లో 1440 అని ఉంటుంది, బల్ల మీదున్న మోటార్ ప్లేట్ మీద 1410 ఉంటుంది. బెల్ట్ వేగంలో తేడా రెండు శాతమే, డిజైన్‌కు దాంతో ముప్పేమీ లేదు. కానీ ఎక్స్‌టర్నల్ ప్లేట్ చదివి అడిగినప్పుడు మీకే తెలియకపోతే, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి అంకెనూ అనుమానంగానే చూస్తారు. వైవాకు ముందు రోజు వెళ్లి ప్లేట్ ఫోటో తీసుకోండి. 50 హెర్ట్జ్, నాలుగు పోల్స్ మోటార్‌కు సింక్రనస్ వేగం 1500, స్లిప్ వల్ల అంతకంటే తక్కువ తిరుగుతుంది అన్న మాట కూడా సిద్ధంగా ఉంచుకోండి.

లక్షణం: "రెండు స్టేజ్‌లకీ ఒకే మాడ్యూల్ ఎందుకు?" అని అడుగుతారు. "రెండూ సేఫ్ వచ్చాయి సార్" అంటారు. ఆయన రిపోర్ట్ తిరగేయడం మొదలుపెడతారు

మార్కులన్నీ పోయేది ఇక్కడే. తప్పు కళ్ల ముందే ఉన్నా కనిపించదు, ఎందుకంటే ఆ తప్పుతో చేసిన ప్రతి లెక్కా "సేఫ్" అనే చెబుతుంది.

కారణం: టార్క్ సూత్రంలో ఆర్‌పీఎం మార్చలేదు. మూడు షాఫ్ట్‌లకూ మోటార్ వేగమే వేసేశారు. చాలాసార్లు ఇది ఎక్సెల్ షీట్‌లో పుడుతుంది. మొదటి గడిలో రాసిన సూత్రాన్ని కిందికి లాగుతారు. పవర్‌తో పాటు ఆర్‌పీఎం గడికి కూడా డాలర్ గుర్తులు ఉండటంతో అది కదలకుండా అక్కడే నిలిచిపోతుంది.

```
తప్పు:  =9550*$B$2/$B$3
సరైనది: =9550*$B$2/B3
```

B2లో కిలోవాట్లు, B3 నుంచి కిందికి 1440, 320, 76.2 ఉన్నాయనుకోండి. తప్పు సూత్రం మూడు వరుసల్లోనూ 4.97 న్యూటన్ మీటర్లే చూపిస్తుంది. సరైనది 4.97, 22.4, 94 చూపిస్తుంది. ఒక్కో స్టేజ్‌కు మూడు శాతం నష్టం తీసేస్తే మధ్య షాఫ్ట్‌కు 21.7, అవుట్‌పుట్ షాఫ్ట్‌కు 88.4.

ఇది ఎలా దాక్కుంటుందో చూడండి. రెండు స్టేజ్‌లకూ మాడ్యూల్ 1.5, పీనియన్ 20 పళ్లు, పంటి వెడల్పు 15 మి.మీ., అనుమతించే వంపు ఒత్తిడి 200 మెగాపాస్కల్స్, ఫామ్ ఫ్యాక్టర్ 0.32. పీనియన్ పంటి బలం 1440 న్యూటన్లు. సర్వీస్ ఫ్యాక్టర్ 1.5, వేగ గుణకానికి 3/(3+v) వాడదాం.

మొదటి స్టేజ్‌లో పంటి మీద బలం 332 న్యూటన్లు, గుణకాలన్నీ వేశాక 873. సేఫ్టీ ఫ్యాక్టర్ 1.65. ఇది సరైనదే.

రెండో స్టేజ్‌లో టార్క్ తప్పుగా అదే 4.97 పెడితే, బలం మళ్లీ 332 వస్తుంది. కానీ అక్కడ వేగం తక్కువ కాబట్టి వేగ గుణకం 0.57 నుంచి 0.86కు పెరుగుతుంది. పంటి మీద పడే భారం 581కి దిగి, సేఫ్టీ ఫ్యాక్టర్ 2.48 వస్తుంది. అంటే గేర్‌బాక్స్‌లో ఎక్కువ భారం మోసే జత, మొదటి జత కంటే భద్రంగా ఉన్నట్టు రిపోర్ట్ చెబుతోంది. ఇది చదివి విద్యార్థికి ధైర్యం వస్తుంది, ఎక్స్‌టర్నల్‌కు అనుమానం వస్తుంది. అసలు టార్క్ 21.7 పెట్టి చూస్తే పంటి బలం అదే 1440, భారం మాత్రం 2535. సేఫ్టీ ఫ్యాక్టర్ 0.57.

ఆన్సిస్‌లో కూడా సేఫ్ వచ్చింది అంటారు. ఆన్సిస్‌కు మీరిచ్చిన టార్క్ ఎంత? ఎక్సెల్ నుంచి తీసిన 4.97 న్యూటన్ మీటర్లే. తప్పు అంకె ఇస్తే అది ఆ తప్పు అంకెకే రంగులు వేసి చూపిస్తుంది. చేతి లెక్క, సాఫ్ట్‌వేర్ రెండూ కలిశాయంటే డిజైన్ సరైనదని కాదు, రెండింటికీ ఒకే ఇన్‌పుట్ వెళ్లిందని.

"మోడల్ తిరిగింది కదా సార్" అన్న జవాబు కూడా నిలబడదు. ల్యాబ్‌లో ఖాళీ బెల్ట్ మీద రెండు మూడు కిలోల అట్టపెట్టె పెట్టి నడుపుతారు. ఆ భారానికి మాడ్యూల్ 1.5 పన్ను ఏమీ కాదు. పైగా అనుమతించే ఒత్తిడి తీసుకునేటప్పుడే పదార్థం బలంలో మూడో వంతు తీసుకున్నాం కాబట్టి, 0.57 వచ్చినా పన్ను మొదటి రోజే విరగదు. పూర్తి భారం మీద నడుస్తూ ఉంటే పంటి మొదలు దగ్గర ఫెటీగ్ పగులు పుట్టి, తర్వాత విరుగుతుంది.

మీ రిపోర్ట్‌లో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అవుట్‌పుట్ షాఫ్ట్ టార్క్ అని రాసిన అంకెను డ్రమ్ వ్యాసార్ధంతో, అంటే ఇక్కడ 0.1 మీటరుతో, భాగించండి. 88.4 అయితే 884 న్యూటన్లు వస్తుంది, కావలసిన 600 కంటే ఎక్కువ, సరిపోయింది. 4.97 అయితే 50 న్యూటన్లు. ఐదు కిలోల బియ్యం సంచిని ఎత్తేంత బలం. దాంతో ఈ బెల్ట్ కదలదు. తర్వాత షాఫ్ట్‌లు చూడండి. ట్విస్ట్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే వ్యాసం టార్క్ ఘనమూలం ప్రకారం పెరుగుతుంది. టార్క్ సుమారు 18 రెట్లయితే వ్యాసం 2.6 రెట్లు. మోటార్ షాఫ్ట్‌కు కప్లింగ్ కుదరాలని ఇన్‌పుట్ షాఫ్ట్‌ను లావుగా పెట్టడం తప్పు కాదు. కానీ అవుట్‌పుట్ షాఫ్ట్ కూడా అదే 20 మి.మీ. ఉంటే మాత్రం దొరికిపోయినట్టే. సర్వీస్ ఫ్యాక్టర్‌తో కలిపి 132.6 న్యూటన్ మీటర్లకు 20 మి.మీ. షాఫ్ట్‌లో షియర్ ఒత్తిడి 84 మెగాపాస్కల్స్ వస్తుంది. అనుమతించేది 40 అనుకుంటే, బెండింగ్ కలపకముందే 26 మి.మీ. కావాలి.

పరిష్కారం, ఇంకా తయారు చేయకపోతే: రెండో స్టేజ్ మాడ్యూల్ పెంచండి. మాడ్యూల్ 2, వెడల్పు 20 మి.మీ. పెడితే సేఫ్టీ ఫ్యాక్టర్ 1.29, నా లెక్కలో తక్కువ. మాడ్యూల్ 2.5, వెడల్పు 25 మి.మీ. పెడితే 2.4 వస్తుంది. మాడ్యూల్ పెరిగితే పీనియన్ వ్యాసం కూడా పెరుగుతుంది కాబట్టి పంటి మీద బలం 1447 నుంచి 868 న్యూటన్లకు తగ్గుతుంది. అందుకే చిన్న మార్పుకు అంత తేడా. సెంటర్ దూరం 78 నుంచి 130 మి.మీ.కు మారుతుంది, హౌసింగ్ డ్రాయింగ్ మార్చడం మర్చిపోకండి.

గేర్లు కోయించేశారు, రిపోర్ట్ బైండింగ్ కూడా అయిపోయింది అంటే: దాచకండి. గేర్‌బాక్స్ నిజంగా ఎంత మోయగలదో వెనక్కి లెక్కించండి. సేఫ్టీ ఫ్యాక్టర్ 1.5 కావాలంటే రెండో పీనియన్ పంటి మీద 548 న్యూటన్లకు మించకూడదు. అంటే మధ్య షాఫ్ట్‌లో 8.2, అవుట్‌పుట్‌లో 33.5 న్యూటన్ మీటర్లు, బెల్ట్ మీద 335 న్యూటన్లు. అవుట్‌పుట్ షాఫ్ట్ 20 మి.మీ. అయితే దాన్నీ ఇదే టార్క్‌కు బెండింగ్ కలిపి మళ్లీ చూడాలి. ఒక పేజీ సవరణ పత్రం తయారు చేసి రిపోర్ట్ మొదట్లో పెట్టండి: ఏ సూత్రంలో ఏ అంకె తప్పు పడింది, సరైన ఫలితం ఎంత, ఈ మోడల్‌ను ఎంత భారానికి పరిమితం చేయాలి. ఎక్స్‌టర్నల్ పట్టుకునేలోపు మీరే ఆ పేజీ తీసి చూపిస్తే, ఆ తర్వాతి ప్రశ్నలు ఆ పేజీ మీదే నడుస్తాయి, అది మీకు బాగా తెలిసిన పేజీ.

లక్షణం: "పీనియన్‌కు 20 పళ్లే ఎందుకు, లెక్క పీనియన్‌కే ఎందుకు?"

20 డిగ్రీల ఫుల్ డెప్త్ పళ్లలో ఇంటర్‌ఫియరెన్స్ రాకుండా కనీసం 17 కావాలి, 20 దానికి పైన ఉంది. రెండు గేర్లూ ఒకే స్టీల్ అయితే పళ్లు తక్కువున్న దానికే ఫామ్ ఫ్యాక్టర్ తక్కువ, అందుకే అదే బలహీనం. మీ డేటా బుక్‌లో 20 పళ్లకు 0.32 కాకుండా 0.34 ఉంటే కంగారు పడకండి. పట్టిక నుంచి తీశారా, సూత్రం నుంచి తీశారా అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

లక్షణం: "వార్మ్ గేర్‌బాక్స్ కొంటే సరిపోయేది కదా?"

కాదనకండి. ఈ రేషియోకు వార్మ్ ఒక్క స్టేజ్‌లోనే చిన్నగా కుదురుతుంది, నిజమే. కానీ పళ్లు జారుతూ రాసుకోవడం వల్ల నష్టం ఎక్కువ, నూనె వేడెక్కుతుంది, వార్మ్ వీల్‌కు కంచు కావాలి. రోజంతా నడిచే కన్వేయర్‌కు స్పర్ గేర్ల 94 శాతం ఉపయోగపడుతుంది. కన్వేయర్ వాలుగా ఉంటే మాత్రం వెనక్కి జారకుండా ఏం పెట్టారని తప్పక అడుగుతారు. స్పర్ గేర్లు దాన్ని ఆపవు, బ్రేక్ గానీ బ్యాక్‌స్టాప్ గానీ ఉండాలి.

ప్రొఫైల్ షిఫ్ట్, గేర్ శబ్దం, మెష్ కన్వర్జెన్స్ లాంటివి అరుదుగా అడుగుతారు. రిపోర్ట్‌లో ఆ మాట మీరు రాసి ఉంటేనే చదువుకోండి.