ఒక్క వీడియో, పది పోస్టులు – నాలుగో పాఠం: ప్రశ్న దగ్గర కోత

కిందటి పాఠంలో వీడియోలోని మాటలన్నీ కాగితం మీదకు ఎక్కించాం. ఈసారి ఆ కాగితం మీద కోత గీతలు గీద్దాం. ఉదాహరణకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున తీసిన 22 నిమిషాల వీడియో తీసుకుందాం. అందులో వేలంపాట ఉంది, తాజా చేపను గుర్తుపట్టడం ఉంది, వంజరం ముక్కలు కొట్టించడం ఉంది, ఐసులో పెట్టి ఇంటికి తేవడం ఉంది.

చాలామంది దీన్ని నిమిషానికో ముక్క చొప్పున కోసి, ప్రతి ముక్కనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టేస్తారు. మిమ్మల్ని మూడు చోట్లా చూసేవాళ్లకు మూడుసార్లూ అదే జెట్టీ, అదే "నమస్తే అండీ" ఎదురవుతాయి. చూసేవాడు విసుగెత్తి వేలు జరిపేది ఆ మొదటి రెండు సెకన్లలోనే. తర్వాత మీరు ఎంత కొత్త సంగతి చెప్పినా అతను వినడు.

అందుకే కాగితం పక్క ఖాళీలో, ప్రతి భాగం ఏ ప్రశ్నకు జవాబో రాయండి. "వేలంలో మామూలు మనిషి కొనొచ్చా?", "మొప్పలు చూసి ఏం తెలుసుకోవాలి?", "ఎంత మందం ముక్కలు కొట్టించాలి?" ఇలా. ప్రశ్న రాయడం కుదరని భాగాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. "ఇందాక చెప్పినట్టు", "అదే చేప" లాంటి మాటలతో మొదలయ్యే భాగం ఒంటరిగా నిలబడదు. మొదటి వాక్యం తీసేసి మళ్లీ చదవండి, అప్పుడూ అర్థం కాకపోతే వదిలేయండి. 22 నిమిషాల్లో ఆరేడు ప్రశ్నలు నిలిస్తే చాలు. బలవంతంగా ఇరవై లాగితే సగం ఒకదానికొకటి నకళ్లే అవుతాయి.

ఇప్పుడు ఒక్క ప్రశ్ననే పట్టుకుందాం: చేప తాజాదో కాదో ఎలా తెలుస్తుంది? వీడియోలో ఇది నాలుగు నిమిషాలు. అమ్మే ఆవిడ మూడు సంగతులు చూపిస్తుంది. తాజా చేపకు మొప్పలు ఎర్రగా ఉంటాయి, నిలవదైతే గోధుమరంగుకు తిరుగుతాయి. కన్ను ఉబ్బి తేటగా ఉంటుంది, నిలవదైతే లోపలికి పోయి మసకబారుతుంది. వేలితో నొక్కి వదిలితే తాజా చేప కండ మళ్లీ పైకి లేస్తుంది.

వీటిలో కదలిక ఉన్నది నొక్కి చూడటం ఒక్కటే. కాబట్టి అది షార్ట్‌కు వెళ్లాలి. పలకరింపు వద్దు, వేలు చేప మీద దిగే క్షణం నుంచే మొదలుపెట్టండి. మొప్పలు, కన్ను పక్కపక్కన పెట్టి పోల్చుకోవాల్సినవి. అవి నిశ్చల చిత్రాలుగా ఇన్‌స్టాగ్రామ్‌లో వేలితో జరుపుకునే పోస్టుకు బాగుంటాయి. ఒక బొమ్మలో తాజాది, తర్వాతి బొమ్మలో నిలవది. పూర్ణా మార్కెట్‌లో నిలబడి ఫోను తీసి చూసుకోడానికి పనికొచ్చేది ఇదే, అందుకే జనం దాన్ని సేవ్ చేసుకుంటారు. వాట్సాప్ స్టేటస్ చూసేవాళ్లు మీకు తెలిసినవాళ్లు, వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు. రెండు చేపల ఫొటో పెట్టి, "వీటిలో ఏది కొంటారు?" అని అడగండి. జవాబు మర్నాడు చెప్పండి. సంగతి ఒక్కటే అయినా చూసేవాడికి మూడు వేర్వేరు పోస్టులు కనిపిస్తాయి.

అడ్డంగా తీసిన వీడియోను నిలువుగా కోసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. 1920×1080 ఫ్రేములో నిలువు 9:16 కోతకు వెడల్పు సుమారు 608 పిక్సెళ్లే దక్కుతుంది, అంటే మూడో వంతు కన్నా తక్కువ. అమ్మే ఆవిడా కొనే మీరూ చెరో పక్కన ఉంటే ఇద్దరూ పట్టరు. ఆ బేరాన్ని నిలువు ముక్కగా చేయాలని పెనుగులాడకండి, వారి మాటలనే రాతపోస్టుగా పెట్టండి. 4కేలో తీసి ఉంటే అదే కోతకు 1215 పిక్సెళ్లు వస్తాయి, బొమ్మ పలచబడదు. ఇద్దరూ పట్టకపోవడం మాత్రం మారదు.

ఒక యాప్‌లోంచి దించుకున్న ముక్కను దాని ముద్రతో సహా ఇంకోచోట పెట్టకండి. అలాంటి రీల్స్‌ను కొత్తవాళ్లకు తక్కువగా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ ముందే చెప్పింది. ముద్ర లేని అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. షార్ట్ వివరణలో రాసే లింకు నొక్కితే తెరుచుకోదు, 2023 ఆగస్టు చివర నుంచి యూట్యూబ్ దాన్ని ఆపేసింది. పెద్ద వీడియోను "Related video" గడిలో ఎంచుకోండి.

ఇక వరస. ఒకే ప్రశ్నకు చెందిన మూడు పోస్టులనూ ఒకే రోజు వదలకండి. ఈరోజు చేప తాజాదనం షార్ట్ వెళితే, రేపు ఇన్‌స్టాగ్రామ్‌లో వేలంపాట పోస్టు రావాలి.

అభ్యాసం: మీ కాగితంలోంచి ఒకే ప్రశ్న ఎంచుకోండి. దానికి మూడు పోస్టులు రాసి, ఒక్కోదాని మొదటి వాక్యాన్ని, మొదటి బొమ్మను ఒకే పేజీలో పక్కపక్కన పెట్టండి. ఏ రెండింటిలోనైనా అదే మాట గానీ అదే బొమ్మ గానీ ఉంటే, ఒకదాన్ని మార్చండి. వచ్చే పాఠంలో క్యాప్షన్లు రాద్దాం, ఈ పేజీ అప్పటికి దగ్గర పెట్టుకోండి.